రెండు కాలమ్‌ల పేజీ: ఏ పెట్టె తర్వాత ఏ పెట్టె

1వ రోజు

పాత పత్రికల స్కాన్‌లు కొన్ని నా దగ్గరున్నాయి. వాటిని టెక్స్టుగా మార్చి అక్కకు ఇవ్వాలి. అక్కకు చూపు బాగా తగ్గింది. ఫోన్ పైకి చదువుతుంటే వింటుంది. అచ్చులో కాలమ్ ఎక్కడ తిరిగింది, ఫొటో ఎక్కడ అడ్డొచ్చింది అనేది కంటితో చూసేవాళ్లు ఆలోచించకుండానే దాటేస్తారు. వినేవాళ్లకు ఆ వీలు లేదు. ఏ వరసలో ఇస్తే అదే వరసలో వినాలి.

ముందుగా ఒకే ఒక్క పేజీ తీసుకున్నాను. రెండు కాలమ్‌లు, మూడు శీర్షికలు, ఒక ఫొటో, దాని కింద క్యాప్షన్. స్కాన్ వెడల్పు 2400 పిక్సెళ్లు, ఎత్తు 3300. ఎడమ కాలమ్ 100 నుంచి 1150 దాకా, కుడి కాలమ్ 1250 నుంచి 2300 దాకా. మధ్యలో 100 పిక్సెళ్ల ఖాళీ పట్టీ.

ముందు ఏమీ ఆలోచించకుండా పేజీ మొత్తాన్ని, బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్టుగా మార్చే టెసరాక్ట్‌కు ఇచ్చాను.

```
tesseract page.png out -l tel --psm 6
```

అక్షరాలు చాలావరకు బాగానే వచ్చాయి. వాక్యాలు మాత్రం ఒక్కటీ నిలబడలేదు. `--psm 6` అంటే పేజీ అంతా ఒకే దిమ్మ అనుకుని చదవమని. అందుకని ఎడమ కాలమ్ మొదటి వరస, దాని వెంటే కుడి కాలమ్ మొదటి వరస, మళ్లీ ఎడమ రెండో వరస, ఇలా అల్లుకుంటూ పోయింది. ఇది పైకే కనిపించే తప్పు కాబట్టి నయం. `--psm 3` పెడితే కాలమ్‌లను తనే విడదీసింది, కానీ క్యాప్షన్‌ను దాని పై పేరాకు అతికించేసింది. రెండో పెద్ద శీర్షికను మింగి ఎడమ కాలమ్‌లో కలిపేసింది. కాలమ్‌ల మధ్య ఉన్న సన్నటి నిలువు గీతను అక్కడక్కడా `|` అని అక్షరంగా కూడా రాసిచ్చింది.

అందుకని పని రెండుగా విడగొట్టాను. పెట్టెలు నేనే చేత్తో గీస్తాను. ఒక్కో పెట్టెనూ కత్తిరించి విడిగా టెసరాక్ట్‌కు ఇస్తాను. అప్పుడు పెట్టె నిజంగానే ఒకే దిమ్మ, `--psm 6` దానికి సరిగ్గా సరిపోతుంది. ఇక మిగిలింది పెట్టెల వరస.

పేజీ ఇలా ఉంది. పైన రెండు కాలమ్‌లకూ అడ్డంగా పెద్ద శీర్షిక, దాన్ని శీ1 అంటాను. దాని కింద వరద వార్త. ఎడమ కాలమ్‌లో క1, కుడి కాలమ్‌లో క2, దాని కింద ఫొటో, ఫొటో కింద క్యాప్షన్, ఆ కింద క3. పేజీ సగానికి వచ్చాక మళ్లీ రెండు కాలమ్‌లకూ అడ్డంగా శీ2, పరీక్షల ఫలితాల వార్త. దాని కింద ఎడమవైపు ఖ1, కుడివైపు ఖ2. ఖ2 పేజీ అడుగు దాకా దిగుతుంది. ఖ1 మాత్రం మధ్యలోనే ఆగిపోతుంది. దాని కింద ఎడమ కాలమ్‌కు మాత్రమే పరిమితమైన చిన్న శీర్షిక శీ3, పాత వంతెన మరమ్మతుల సంగతి. దాని కింద గ1.

ప్రోగ్రాం మొదలుపెట్టకముందే పేజీని కాగితం మీద చదువుకుని సరైన వరస రాసిపెట్టాను: శీ1, క1, క2, క3, క్యాప్షన్, శీ2, ఖ1, ఖ2, శీ3, గ1. పెట్టెలు 10, వాటి మధ్య అతుకులు 9. ఏ పద్ధతి ఈ 9 అతుకుల్లో ఎన్ని సరిగ్గా తెస్తుందో లెక్కపెట్టాలని నిర్ణయించుకున్నాను.

2వ రోజు

అందరికీ ముందు తట్టేది పై అంచును బట్టి వరసపెట్టడం. పైనున్నది ముందు, కిందున్నది తర్వాత. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఎడమది ముందు. చేసి చూశాను. 9లో 6 వచ్చాయి. తప్పినవి క్యాప్షన్ చుట్టూ ఉన్న మూడు మాత్రమే. ఇంతేనా, సగానికి పైగా అయిపోయిందే అనుకున్నాను.

తర్వాత అనుమానం వచ్చింది. నేను వాడింది వాలు సరిచేసిన స్కాన్. అసలు స్కాన్‌లో పేజీ అర డిగ్రీ వాలి ఉంది, కుడివైపు కాస్త పైకి లేచింది. అర డిగ్రీ అంటే కంటికి ఆనదు. కానీ ఎడమ కాలమ్ నడుమ నుంచి కుడి కాలమ్ నడుమకు దూరం 1150 పిక్సెళ్లు. అంత దూరంలో అర డిగ్రీ వాలు సుమారు 10 పిక్సెళ్ల తేడా తెస్తుంది. అసలు స్కాన్ మీద పెట్టెలు గీసి అదే ప్రోగ్రాం నడిపితే క2 పై అంచు 330 దగ్గర, క1 పై అంచు 340 దగ్గర తేలాయి. అంతే, కుడి కాలమ్ ముందుకొచ్చేసింది. కింది సగంలో ఖ2, ఖ1 కూడా అలాగే తారుమారయ్యాయి. 9 అతుకుల్లో మిగిలింది ఒక్కటే, శీ3 తర్వాత గ1.

6 నుంచి 1కి పడిపోవడానికి 10 పిక్సెళ్లు చాలాయి. అంటే ఆ 6 పద్ధతి గొప్పతనం కాదు. రెండు కాలమ్‌ల పై అంచులు ఒకే గీత మీద ఉన్నందువల్ల కలిసొచ్చిందంతే. ఈ లెక్క రాసిపెట్టుకోవడం మంచిదైంది. లేకపోతే ఆ 6 చూసి అక్కడే మెరుగులు దిద్దుతూ కూర్చునేవాణ్ని.

ఎడమ అంచును బట్టి, అంటే కాలమ్ వారీగా వరసపెట్టడం కూడా చూశాను. శీ1, క1, శీ2, ఖ1, శీ3, గ1 అన్నీ ఎడమ అంచునే మొదలవుతాయి కాబట్టి వరసగా ముందు వచ్చేశాయి. ఆ తర్వాత పైకి తిరిగొచ్చి క2. వరద వార్త మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య ఫలితాల వార్త, వంతెన మరమ్మతు దూరాయి. 9లో 3.

3వ రోజు

నిన్నటి తప్పు ఎక్కడుందో రాత్రి కాగితం మీద గీసుకుంటే తెలిసింది. ప్రతి పెట్టెకూ ఒక అంకె ఇచ్చి ఆ అంకెతో వరసపెట్టాలని చూస్తున్నాను. చదివే వరస అలా ఉండదు. ఏ రెండు పెట్టెలు తీసుకున్నా వాటి మధ్య ‘ఇది దానికంటే ముందు’ అనే సంబంధం ఉంటుంది, లేదా నేరుగా ఏ సంబంధమూ ఉండదు. అలాంటి సంబంధాలన్నీ పోగేసి, అన్నిటినీ గౌరవించే వరస తీయాలి. థామస్ బ్రూయల్ 2003లో రాసిన ఒక వ్యాసంలో దీనికి రెండే నియమాలున్నాయి.

మొదటిది: రెండు పెట్టెలు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడుతుంటే, అంటే ఒకే కాలమ్‌లోవి అయితే, పైది ముందు. రెండోది: ఒకటి పూర్తిగా ఎడమన, ఇంకొకటి కుడిన ఉంటే ఎడమది ముందు. అయితే ఎత్తులో ఆ రెండింటి మధ్య, రెండు కాలమ్‌ల మీదా పరుచుకున్న పెట్టె ఏదీ ఉండకూడదు. ఉంటే రెండో నియమం పనిచేయదు.

ఆ చివరి షరతులోనే కిటుకంతా ఉంది. రెండు కాలమ్‌ల మీదుగా ఉన్న శీర్షిక గోడ లాంటిది. గోడకు పైనున్న కుడి కాలమ్ అయిపోయాకే గోడ కిందున్న ఎడమ కాలమ్‌లోకి దిగాలి. ఖ1 ఎడమన ఉంది, క2 కుడిన ఉంది, అయినా ఖ1 ముందు రాకూడదు, ఎందుకంటే మధ్యలో శీ2 ఉంది. క2 శీ2కి పైన, శీ2 ఖ1కి పైన. మొదటి నియమంతోనే ఆ వరస తేలిపోతుంది.

```python
def overlap(a, b):
    w = min(a.right, b.right) - max(a.left, b.left)
    return w > 0

def before(a, b, heads):
    if overlap(a, b):
        return a.top < b.top
    return a.left < b.left and not any(
        wall(h, a, b) for h in heads)
```

`wall` అంటే ఆ శీర్షిక ఎత్తులో `a`, `b`ల మధ్య ఉండి, అడ్డంగా రెండింటి మీదా పడుతోందా అని చూసేది. అన్ని జతలకూ ఇది అడిగి, వచ్చిన సంబంధాలను పైథాన్‌తో పాటు వచ్చే `graphlib.TopologicalSorter`కు ఇస్తే వరస తీసి ఇస్తుంది.

మొదటిసారి `wall` షరతు రాయడం మరిచిపోయి నడిపాను. `CycleError` వచ్చింది. అది చాలా పనికొచ్చే తప్పు. ఖ1 క2కి ముందు అని రెండో నియమం చెప్తోంది. క2 శీ2కి ముందు, శీ2 ఖ1కి ముందు అని మొదటి నియమం చెప్తోంది. గుండ్రంగా తిరిగి మొదటికొచ్చింది. అంకెలతో వరసపెట్టినప్పుడు ఇలాంటి వైరుధ్యం ఉన్నా ఏదో ఒక వరస చేతికొచ్చేస్తుంది, తప్పని తెలియదు. ఇక్కడ తెలిసిపోతుంది.

షరతు పెట్టాక ఆ చక్రం పోయింది, కానీ వాలిన స్కాన్ మీద ఇంకో చక్రం తేలింది: ఖ2 ఖ1కి ముందు, ఖ1 శీ3కి ముందు, శీ3 ఖ2కి ముందు. అరగంట వెతికితే కారణం ప్రోగ్రాంలో కాదు, నేను గీసిన పెట్టెలో దొరికింది. ఖ1 కుడి అంచు 1150 దగ్గర ఆగాలి. నా చెయ్యి జారి 1262 దాకా పోయింది. కుడి కాలమ్ 1250 దగ్గర మొదలవుతుంది కాబట్టి 12 పిక్సెళ్ల మేర ఖ1, ఖ2 ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాంతో ప్రోగ్రాం రెండూ ఒకే కాలమ్ అనుకుని పై అంచులు పోల్చింది. వాలు వల్ల ఖ2 పై అంచు 10 పిక్సెళ్లు పైకి ఉంది. ఖ2 గెలిచింది.

పెట్టె సరిదిద్దితే ఈ పేజీ బాగుపడుతుంది. కానీ చేత్తో గీసే పెట్టెలు ఇలా బయటికి జారుతూనే ఉంటాయి. అందుకని `overlap` మార్చాను. రెండింట్లో సన్నటి పెట్టె వెడల్పులో పదో వంతుకు మించి పడితేనే లెక్క.

```python
def overlap(a, b):
    w = min(a.right, b.right) - max(a.left, b.left)
    return w > 0.1 * min(a.right - a.left, b.right - b.left)
```

కాలమ్ వెడల్పు 1050 కాబట్టి సుమారు 105 పిక్సెళ్ల దాకా ఒకదాని మీద ఒకటి పడినా మన్నిస్తుంది. ఇప్పుడు వాలిన స్కాన్ ఇచ్చినా, సరిచేసిన స్కాన్ ఇచ్చినా ఒకటే వరస: శీ1, క1, క2, క్యాప్షన్, క3, శీ2, ఖ1, శీ3, గ1, ఖ2. 9లో 4 అతుకులు సరైనవి.

నిన్నటి 6 కంటే తక్కువే. అయినా దీన్నే ఉంచుకుంటున్నాను. ఇందులో తప్పులు రెండే చోట్ల ఉన్నాయి, ఒకటి క్యాప్షన్ దగ్గర, ఇంకొకటి శీ3 దగ్గర. రెండింటికీ కారణం చెప్పగలను.

4వ రోజు

ఈ రోజంతా క్యాప్షన్‌తోనే సరిపోయింది.

క2 చివరి వరస ‘రాత్రికి నీటిమట్టం ఇంకో’ అని ఆగుతుంది. ఫొటో దాటాక క3 ‘అడుగు పెరిగితే దిగువ ఇళ్లను ఖాళీ చేయిస్తామని చెప్పారు’ అని అందుకుంటుంది. నియమాల ప్రకారం క్యాప్షన్ ఈ రెండింటి మధ్యే ఉంది, ఉన్న చోటు అదే మరి. దాంతో ఫోన్ ఇలా చదివింది: ‘రాత్రికి నీటిమట్టం ఇంకో గట్టు మీదకు ఇసుక బస్తాలు మోస్తున్న కూలీలు అడుగు పెరిగితే.’

అక్కకు వినిపిస్తే, ‘ఆగు ఆగు. ఇంకో గట్టు ఉందా అక్కడ? ఏ గట్టురా?’ అంది. నేను వాక్యం విరిగిందనుకున్నాను. ఆమెకు వాక్యం విరిగినట్టు అనిపించలేదు, రెండో గట్టు ఒకటుందని అర్థమైంది. ‘ఇంకో’ పక్కన ‘గట్టు’ అతికింది కదా. మన భాషలో క్రియ చివరికొస్తుంది కాబట్టి, సగంలో ఆగిన వాక్యం తర్వాత ఏ నామవాచకం వచ్చినా కాసేపు అతికినట్టే ఉంటుంది. అతుకు తప్పని తెలిసేసరికి పది మాటలు దాటిపోతాయి.

క్యాప్షన్ వార్త ప్రవాహంలోది కాదు, ఫొటోకు చెందింది. అందుకని వరసపెట్టే ముందే దాన్ని పక్కకు తీసేయాలి. వరస తేలాక, ఆ ఫొటో ఏ వార్తలో ఉందో ఆ వార్త చివరి పెట్టె తర్వాత పెట్టాలి. ఇక్కడైతే క3 తర్వాత, శీ2కి ముందు. అక్కకు ఇచ్చే ప్రతిలో క్యాప్షన్ ముందు ‘ఫొటో:’ అని ఒక మాట చేర్చాను. ఆ మాట అచ్చులో లేదు కాబట్టి మూల ప్రతిలో చేర్చలేదు, వినిపించే ప్రతిలో మాత్రమే.

ఏది క్యాప్షనో, ఏది వార్త మధ్యలో వచ్చే ఉపశీర్షికో ప్రోగ్రాంకు ఎలా తెలియాలి? రెండూ పొట్టివే, రెండూ కాలమ్ మధ్యలోనే ఉంటాయి. ఉపశీర్షికను పక్కకు తీసేస్తే అదీ తప్పే, అది ప్రవాహంలో భాగం. నేను రెండు గుర్తులు చూస్తున్నాను. ఒకటి, ఫొటో అంచుకు ఎంత దగ్గరుంది. ఈ పేజీలో ఫొటో అడుగుకూ క్యాప్షన్ నెత్తికీ మధ్య 15 పిక్సెళ్లే ఉంది. రెండోది, ఇదే ఎక్కువ నమ్మదగ్గది, దాని పైనున్న వాక్యం ముగిసిందా లేదా. ఉపశీర్షిక ఎప్పుడూ పేరాకూ పేరాకూ మధ్యే వస్తుంది, వాక్యాన్ని నరకదు. ఫొటో, క్యాప్షన్ మాత్రం వాక్యం మధ్యలో ఎక్కడైనా దిగబడతాయి. పైన వాక్యం సగంలో ఉంటే అది ఉపశీర్షిక కాదు.

ఇప్పటికి ఈ నిర్ణయం నేనే తీసుకుని పెట్టెకు రకం రాస్తున్నాను. ఫైలు `PAGE` అనే ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో ఉంచుతున్నాను. అందులో ప్రతి టెక్స్టు పెట్టెకూ `type` ఉంటుంది, వరస మాత్రం వేరే చోట `ReadingOrder`లో ఉంటుంది. పెట్టెలు ఏ క్రమంలో గీశాననే దానితో వరసకు పనిలేదు.

```xml
<ReadingOrder>
  <OrderedGroup id="page1">
    <RegionRefIndexed index="2" regionRef="k2"/>
    <RegionRefIndexed index="3" regionRef="k3"/>
    <RegionRefIndexed index="4" regionRef="cap1"/>
  </OrderedGroup>
</ReadingOrder>
```

ఇది మధ్య ముక్క మాత్రమే. క్యాప్షన్ కదిలాక 9లో 7.

6వ రోజు

నిన్న పని కుదరలేదు. ఈ రోజు శీ3 సంగతి.

ఖ1 చివరి వరస ‘ముందుగా చెప్పిన తేదీకి ఫలి-’ అని, మాట విరిచి చిన్న గీతతో ముగుస్తుంది. నా ప్రోగ్రాం దాని తర్వాత శీ3 పెట్టింది: ‘పాత వంతెనకు మరమ్మతులు’. అసలు కొనసాగింపు కుడి కాలమ్ నెత్తిన ఉన్న ఖ2లో: ‘తాలు ఇవ్వలేమని పరీక్షల విభాగం తెలిపింది.’ మాటే రెండుగా విరిగింది కాబట్టి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఖ1 తర్వాత ఖ2 రావాలి.

కానీ బ్రూయల్ నియమాలు ఇది చెప్పలేవు. శీ3 ఎడమ కాలమ్‌కే పరిమితం, గోడ కాదు. ఖ1, శీ3, గ1 ఒకే కాలమ్‌లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మూడూ ఖ2కి ఎడమన ఉన్నాయి. పెట్టెల చోటు మాత్రమే తెలిసినవాడికి ఎడమ కాలమ్ అడుగు దాకా చదివి కుడికి తిరగడమే న్యాయంగా కనిపిస్తుంది. పత్రిక చదివే అలవాటున్నవాడికి ఇంకొకటి తెలుసు: వెడల్పాటి శీర్షిక తన కింద పరుచుకున్న రెండు కాలమ్‌ల నెత్తినీ తనదిగా చేసుకుంటుంది. ఎడమ కాలమ్‌లో కొత్త చిన్న శీర్షిక అడ్డొస్తే పెద్ద వార్త దాని మీదుగా కిందికి దిగదు, పక్క కాలమ్ నెత్తికి ఎగురుతుంది. కుడి కాలమ్ నెత్తిన సొంత శీర్షిక లేకపోవడమే దానికి గుర్తు. తల లేని వార్త ఉండదు కాబట్టి, ఆ తల పైనున్న వెడల్పాటిదే అయ్యుండాలి.

దీన్ని ఇలా రాశాను. రెండు గోడల మధ్య ఉన్న జాగాను ఒక మండలం అంటాను. మండలంలో ప్రతి కాలమ్‌నూ మొదటి చిన్న శీర్షిక దగ్గర కోస్తాను. పై ముక్కలన్నీ పెద్ద శీర్షికవి, ఎడమ నుంచి కుడికి. కింది ముక్కలు ఆ తర్వాత.

```python
for z in zones:
    main, rest = [], []
    for col in z.columns:
        k = first_heading(col)   # లేకపోతే len(col)
        main += col[:k]
        rest += col[k:]
    order += [z.heading] + main + rest
```

శీ2, ఖ1, ఖ2, శీ3, గ1. మొత్తం 9 అతుకులూ కుదిరాయి, రెండు స్కాన్‌ల మీదా. ఆ తర్వాత పేజీ మొత్తం అక్కకు వినిపించాను. మధ్యలో ఆపలేదు. చివర్లో వంతెన పనులు ఎన్నాళ్లు పడతాయన్నారని మాత్రం అడిగింది.

ఇది ఎక్కడ విరుగుతుందో కూడా రాసుకోవాలి. గ1 ఎడమ కాలమ్ అడుగున ముగియక కుడి కాలమ్ అడుగు భాగానికి ఎగిరిందనుకుందాం. అక్కడ దానికి శీర్షిక ఉండదు. ఫలితాల వార్త ముగిసిన చోట సన్నటి అడ్డగీత ఒకటి ఉంటుందంతే. నా ప్రోగ్రాం ఆ ముక్కను కూడా శీ2కే కట్టబెడుతుంది. అందుకని ఇకనుంచి కాలమ్ మధ్యలో అడ్డగీత కనిపిస్తే దాని దగ్గర పెట్టెను రెండుగా కోసి, గీతను కూడా ఒక పెట్టెగా గుర్తిస్తాను. ఆ కింది ముక్క ఎవరిదో అతుకు చదివి నేనే చెప్పాలి.

7వ రోజు

2వ పేజీ. పెట్టెలు గీయడం ఇప్పుడు అరగంటలో అవుతోంది. వరస తీస్తే వింతగా వచ్చింది. పై వార్త మొత్తానికి శీర్షిక ఉండగా, కుడి కాలమ్ వేరే వార్త అన్నట్టు పేజీ చివరికి పోయింది.

చూస్తే శీర్షిక రెండు కాలమ్‌లకు ఉద్దేశించిందే, కానీ పొట్టి. నాలుగు మాటలు, ఎడమకు జరిపి వేశారు. సిరా 100 నుంచి 1000 దాకానే ఉంది, కుడివైపు ఖాళీ. నేను సిరా చుట్టూ పెట్టె గీశాను కాబట్టి అది ఎడమ కాలమ్ శీర్షిక అయిపోయింది, గోడ కాలేదు. అసలు సంగతి ఆ ఖాళీ చెప్తోంది. కుడి కాలమ్ టెక్స్టు శీర్షిక పక్కన మొదలవలేదు, శీర్షిక కింద, ఎడమ కాలమ్ టెక్స్టుతో సరిగ్గా ఒకే మట్టంలో మొదలైంది. శీర్షిక పక్కనున్న జాగాను ఎవరూ వాడుకోలేదంటే అది శీర్షికదే.

పెట్టెను 2300 దాకా సాగదీశాను. వరస కుదిరింది. ఇకనుంచి శీర్షిక పెట్టె సిరాకు కాదు, అది ఆక్రమించిన జాగాకు గీయాలి. క్యాప్షన్‌కు దీనికి తిరగబడి చేయాలి, సిరాకు అతుక్కునే గీయాలి. లేకపోతే ఫొటోకు ఎంత దగ్గరుందన్న కొలత పాడవుతుంది.

సరిచూసుకోవడానికి ఇంకో చిన్న సాధనం రాశాను. వరస తేలాక, ఒకే వార్తలోని ప్రతి అతుకు దగ్గరా పై పెట్టె చివరి నాలుగు మాటలు, కింది పెట్టె మొదటి నాలుగు మాటలు ఒకే వరసలో ముద్రిస్తుంది. మొదటి పేజీలో అలాంటి అతుకులు మూడే: క1 నుంచి క2, క2 నుంచి క3, ఖ1 నుంచి ఖ2. మూడు వరసలు చదవడానికి అర నిమిషం చాలు. క1 ‘మూడు చోట్ల అధికా-’ అని ముగిస్తే క2 ‘రులు ఇసుక బస్తాలు’ అని అందుకుంది, ఇక సందేహం లేదు. ‘కు’, ‘తో’, ‘ని’ లాంటి విభక్తితోనో ‘ఇంకో’ లాంటి మాటతోనో ముగిస్తే కొనసాగింపు తప్పనిసరి, అదీ సులువే. క్రియతో, పూర్ణవిరామంతో ముగిసిన అతుకే కష్టం. పేరా సరిగ్గా కాలమ్ అడుగునే పూర్తయిందంటే తర్వాత ఏ పేరా పెట్టినా అతికినట్టే ఉంటుంది. అలాంటి అతుకులను సాధనం వేరే గుర్తుతో చూపిస్తుంది. వాటిని మాత్రం రెండు పేరాలూ పూర్తిగా చదివి తేల్చాలి.

9వ రోజు

3వ పేజీలో ఫొటోయే రెండు కాలమ్‌లకూ అడ్డంగా, వార్త నడుమ ఉంది. దాని కింద రెండు కాలమ్‌ల పొడవునా క్యాప్షన్. నా ప్రోగ్రాం శీర్షికలనే గోడలుగా చూస్తుంది కాబట్టి ఫొటోను లెక్కచేయలేదు. ఎడమ కాలమ్ ఫొటో పైభాగం, ఫొటో మీదుగా దూకి కింది భాగం, ఆ తర్వాతే కుడి కాలమ్ అని వరస ఇచ్చింది. ఫొటోను కూడా గోడ అనుకుంటే వేరే వరస: పైన ఎడమ, పైన కుడి, కింద ఎడమ, కింద కుడి. శీర్షిక విషయంలో ఇలాంటి మీమాంస లేదు, వార్త శీర్షికను దాటి పోదు. ఫొటోను దాటి పోవచ్చు, దాని దగ్గర తిరగనూ వచ్చు. రెండూ అచ్చులో ఉన్నవే.

అతుకు చదివి తేల్చుదామనుకుంటే, ఎడమ పైభాగం పేరా ముగింపుతోనే ఆగింది. ‘తెలిపారు.’ చుక్క. సాధనం వేరే గుర్తు పెట్టిన అతుకు సరిగ్గా ఇదే.

నాలుగు ముక్కలూ కాగితం మీద కత్తిరించి బల్ల మీద పరిచాను. రెండు విధాలా పేర్చి చదివాను. కింది ఎడమ ముక్క ‘ఆ కమిటీ మళ్లీ సమావేశమై’ అని మొదలవుతుంది. ఏ కమిటీ? ఎడమ పైభాగంలో కమిటీ మాటే లేదు. కుడి పైభాగంలో, రెండో పేరాలో, ‘అయిదుగురు సభ్యులతో కమిటీ వేశారు’ అని ఉంది. కాబట్టి కుడి పైభాగం ముందు వచ్చాకే కింది ఎడమ రావాలి. ఈ పేజీలో ఫొటో గోడే.

ప్రోగ్రాంలో ఫొటోలకు కూడా గోడ అనే గుర్తు పెట్టుకునే వీలు చేర్చాను. దానంతట అది అనుకోదు, పేజీ చూసి నేను పెట్టాలి. ఆ అతుకు దగ్గర ఫైల్లో `comments` అనే చోట ‘కమిటీ ప్రస్తావనను బట్టి నిర్ణయించిన వరస, మాట విరుపు సాక్ష్యం లేదు’ అని రాశాను. రేపు ఎవరైనా అసలు అచ్చు కాపీ ముందు పెట్టుకుని చూస్తే మొదట పరీక్షించాల్సిన అతుకు అదేనని వాళ్లకు తెలియాలి.

4వ పేజీ స్కాన్ తెరిచి చూశాను. కుడి కాలమ్ మధ్యలో సన్నటి అడ్డగీత ఒకటి ఉంది, దాని కింద శీర్షిక లేని ముక్క. పెట్టె అక్కడ కోసి పెట్టాను.